మాడిన స్టీల్ గిన్నె అడుగు: ముందు సోడా, ఆ తర్వాతే నిమ్మకాయ

ప్రశ్న: సేమ్యా పాయసం పొయ్యి మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయాను. వాసన వచ్చి చూసేసరికి అంతా ఇగిరిపోయి అడుగు బొగ్గయింది. మూడు లీటర్ల స్టీల్ గిన్నె, అత్తగారు ఇచ్చింది. నిమ్మరసంలో వంట సోడా కలిపి రెండుసార్లు రుద్దాను, చేతులు నొప్పి తప్ప ఏమీ పోలేదు. లోపలా బయటా ఫోటోలు పెట్టాను. ఇది బాగవుతుందా, పారేయాలా? ఇంకోసారి ఇలా కాకుండా ఏం చేయాలి?

జవాబు:

పారేయకండి, బాగవుతుంది. పద్దెనిమిదేళ్లు హాస్టల్ మెస్ నడిపాను, ఇంతకంటే ఘోరంగా మాడిన దబరలు వెనక్కి తెచ్చుకున్నాం. కాకపోతే ఒక్క పూటలో అయ్యే పని కాదు, రెండు మూడు రాత్రులు పట్టొచ్చు. అందులో మీరు చేతులతో చేసేది అరగంట కూడా ఉండదు, మిగతాదంతా నానబెట్టడమే.

ముందు మీ ఫోటో సంగతి. అందులో నలుపు ఒకటి కాదు, మూడు రకాలుంది. మధ్యలో అరచేయంత మేర మందంగా, పెచ్చులుగా ఉన్నది అసలు బొగ్గు, అంటే పాలు, చక్కెర, సేమ్యా కలిసి కాలిపోయిన పొర. దాని చుట్టూ కాఫీ రంగులో జిగురులా మెరుస్తున్నది సగం కాలిన పాలూ నెయ్యీ. ఇంకా అంచుల వైపు పసుపు, నీలం, ఊదా కలిసి ఇంద్రధనుస్సులా కనిపిస్తున్నది అసలు మురికే కాదు. అది స్టీలే. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఉండే క్రోమియం గాలి తగిలి పైన కంటికి కనపడని పల్చటి పొర కడుతుంది, స్టీల్ తుప్పు పట్టకుండా కాపాడేది అదే. ఎక్కువ వేడి తగిలితే ఆ పొర మందమై రంగులు తేలుతుంది. సుమారు 300 డిగ్రీలు దాటితే ఎండుగడ్డి రంగు, 500 దాటాక నీలం. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు వందకు కాస్త అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. మీ గిన్నెకు నీలం తేలిందంటే ఇగిరిపోయాక కూడా చాలాసేపు ఉట్టి గిన్నె మంట మీద ఉందన్నమాట.

ఈ మూడూ వేరు కనుక మందు కూడా వేరు. బొగ్గుకూ జిగురుకూ సోడా కావాలి. రంగులకు పులుపు కావాలి. మీరు రెండూ ఒకేసారి కలిపారు, అక్కడే దెబ్బతింది. నిమ్మరసంలో సోడా వేస్తే బుస్సున పొంగుతుంది కదా, చూడటానికి ఏదో గట్టిగా పనిచేస్తున్నట్టే ఉంటుంది. ఆ పొంగు ఉట్టి గాలి. సోడా పులుపును చంపుతుంది, పులుపు సోడాను చంపుతుంది, చివరికి మిగిలేది చప్పటి ఉప్పునీళ్లు. ఒక నిమ్మకాయలో ఉన్న పులుపంతా పోవడానికి అరచెంచా సోడా చాలు. యూట్యూబ్‌లో ఆ పొంగు చూపించే వీడియోలన్నీ దాదాపు మాడని గిన్నెల మీదే తీస్తారు, గమనించండి.

సోడా ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఓపిక పట్టడం తేలిక. పాలలోని మాంసకృత్తుల్ని సోడా లాంటి క్షారం మెత్తబరిచి విడగొడుతుంది, నెయ్యిని కొంతవరకు సబ్బులా మారుస్తుంది. పూర్తిగా బొగ్గయిన భాగం మాత్రం సోడాలో కరగదు, వెనిగర్‌లో కరగదు, అసలు వంటింట్లో దొరికే దేనిలోనూ కరగదు. బొగ్గును స్టీల్‌కు అతికించి పట్టుకున్నది దాని కింద ఉన్న ఆ సగం కాలిన జిగురు. సోడా నీళ్లు పగుళ్లలోంచి దిగి ఆ జిగురును వదులు చేస్తాయి, అప్పుడు పైనున్న బొగ్గు పెచ్చులుగా లేచి వస్తుంది. కాబట్టి నీళ్లలో నలుపు కరగడం లేదే అని దిగులు పడకండి. నలుపు అంచులు లేస్తున్నాయా లేదా అన్నదే చూడాలి.

ఇక పని. గిన్నె పూర్తిగా చల్లారాక, పొడిగా ఉన్నప్పుడే చెక్క అట్లకాడతో ఊడొచ్చే పెచ్చులు తీసేయండి. చాకు, స్క్రూడ్రైవర్ వద్దు. మాడు మీద రెండు వేళ్ల ఎత్తు వచ్చేలా చన్నీళ్లు పోయండి, మీ గిన్నెకు ముప్పావు లీటరు సరిపోతుంది. పెద్ద చెంచాతో రెండు చెంచాలు వంట సోడా వేసి కలపండి. సోడా చన్నీళ్లలోనే వేయాలి, మరుగుతున్న నీళ్లలో వేస్తే ఒక్కసారిగా పొంగి స్టవ్ మీద పడుతుంది. మరిగాక సిమ్‌లో పెట్టి, మూత ఓరగా పెట్టి, ఇరవై నిమిషాలు ఉంచండి. మరిగేకొద్దీ వంట సోడా గాలి వదిలి కొంతవరకు చాకలి సోడాగా మారుతుంది, దాంతో ఘాటు పెరుగుతుంది. ఉట్టినే నానబెట్టడం కన్నా మరిగించడం మేలని చెప్పేది ఇందుకే. ఈ ఇరవై నిమిషాలూ మాత్రం అక్కడే ఉండండి. మాడు వదిలించడానికి పెట్టిన నీళ్లు ఇగిరిపోయి గిన్నె రెండోసారి మాడిన కథ మా మెస్‌లోనే జరిగింది, సోడా కూడా అడుగున అట్టకట్టింది.

నీళ్లు ముందు లేత టీ రంగుకు, తర్వాత డికాక్షన్ రంగుకు వస్తాయి. అది మంచి గుర్తు. స్టవ్ ఆపి అలాగే రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ఆ నీళ్లు పారబోసి చెక్క అట్లకాడ చదును అంచుతో బయటి నుంచి మధ్యకు తోయండి. అంచుల దగ్గర మాడు అప్పడంలా లేస్తుంది. లేచినంతే తీయండి, లేవని చోట బలం పెట్టొద్దు. తర్వాత కొత్త నీళ్లు, కొత్త సోడాతో మళ్లీ ఒకసారి. పాత నీళ్లనే మళ్లీ మరిగించకండి, వాటిలో సోడా సగం పని అయిపోయి ఉంటుంది.

నా అనుభవంలో రెండో దఫాకు ముప్పావు వంతు పోతుంది. మిగిలిన మచ్చల మీద మూడు చెంచాల సోడాలో ఒక చెంచా నీళ్లు కలిపి ముద్దగా రాసి, తడిగుడ్డ కప్పి రాత్రంతా ఉంచండి. ముద్ద ఎండితే పని ఆగిపోతుంది, గుడ్డ కప్పమనేది అందుకే. పొద్దున్న అదే ముద్దతో తోమండి, సోడా పలుకులు మెత్తగా అరగదీస్తాయి. పీచు విషయంలో ఒక మాట. గిన్నె లోపలి అడుగున సన్నటి గీతలు ఒకే దిక్కుగానో గుండ్రంగానో ఉంటాయి. స్టీల్ పీచు వాడితే ఆ గీతల వెంబడే రుద్దండి, అడ్డంగా రుద్దితే గీతలు పడి ఇంకోసారి పాలు అక్కడే పట్టుకుంటాయి. లోపల అద్దంలా మెరిసే గిన్నె అయితే నైలాన్ పీచు లేదా కొబ్బరి పీచే మంచిది. దూదిలా సన్నగా ఉండే ఉక్కు ఊలు మాత్రం వద్దు. దాని ముక్కలు గిన్నెలో చిక్కుకుని తుప్పు పడతాయి, స్టీల్‌కే తుప్పు పట్టిందని మనం కంగారు పడతాం.

అప్పటికీ మొండికేస్తే చాకలి సోడా ఉంది. కిరాణా కొట్లో బట్టల సోడా అని అడిగినా ఇస్తారు. అదే ముప్పావు లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా చాలు, చేతులకు గ్లవుజులు వేసుకోండి. డిష్‌వాషర్ ఉన్న ఇళ్లలో, విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇంకో దారి. ఒక డిష్‌వాషర్ బిళ్ళను బాగా వేడిగా ఉన్న నీళ్లలో వేసి రాత్రంతా ఉంచొచ్చు. మరిగించకూడదు, ఎందుకంటే అందులో సోడాతో పాటు మాంసకృత్తుల్ని నమిలేసే ఎంజైములు కూడా ఉంటాయి, మరిగితే అవి చచ్చిపోతాయి.

బొగ్గంతా పోయాక గిన్నె శుభ్రంగా కడిగి, అప్పుడు పులుపు దగ్గరికి రండి. అర లీటరు నీళ్లలో రెండు టీ చెంచాల నిమ్మఉప్పు, లేదా అర కప్పు తెల్ల వెనిగర్‌లో అర కప్పు నీళ్లు. వేడి చేసి పది నిమిషాలు ఉంచితే ఇంద్రధనుస్సు రంగులు, నీళ్ల తెల్లటి మరకలు చాలావరకు పోతాయి. నీలం బాగా ముదిరి ఉంటే కొంత నీడ మిగలొచ్చు. మీకు నిమ్మకాయ మీదే నమ్మకం ఉంటే రెండు కాయల రసం పిండండి, సోడా మాత్రం దగ్గరికి రానివ్వకండి. చింతపండు పులుసు కూడా పనిచేస్తుంది, మా అమ్మ అదే వాడేది. ఆ తర్వాత సబ్బుతో కడిగి తుడిచి ఆరబెట్టండి.

బాగైందో లేదో కంటితో కాదు, గోటితో చూడండి. మచ్చ మీద గోరు లాగితే ఎక్కడైనా తగులుకుంటే అక్కడ మాడు ఇంకా ఉన్నట్టు. నున్నగా జారిపోతే అది ఉట్టి రంగు, వంటకు ఏమీ కాదు. ఇంకా అనుమానంగా ఉంటే ఒక గ్లాసు నీళ్లు అందులో మరిగించి వాసన చూడండి. మాడు వాసన లేకపోతే నిశ్చింతగా పాలు కాచుకోవచ్చు.

బయటి వైపు ఫోటో సంగతి వేరు. పక్కలకు కారి నల్లబడినది పొంగిన పాయసం, దానికి పైన చెప్పిన సోడా ముద్దే చాలు. అడుగున గుండ్రంగా ఉన్న నలుపును ముందు వేలితో తుడిచి చూడండి. వేలికి అంటితే అది మసి. అంటే మీ బర్నర్ పసుపు మంట ఇస్తోంది, కన్నాలు మూసుకుపోయాయి. సూదితో కన్నాలు తీసి, కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. మంట నీలంగా వస్తే మసి పట్టదు. కట్టెల పొయ్యి రోజుల్లో పొయ్యి మీద పెట్టేముందు గిన్నె బయట బూడిదో మట్టో పూసేవాళ్లు, మసి ఆ పూత మీద పట్టేది, కడిగితే పూతతో పాటే పోయేది.

వేలికి అంటకపోతే అది కాలిన నూనె, పాలు. మీ గిన్నె అడుగు ఒకే రేకా, లేక కింద మందపాటి పళ్లెం అతికించినదా అన్నది చూసుకోవాలి. అంచు చుట్టూ బూడిద రంగు గీత ఒకటి కనిపిస్తే అక్కడ మధ్యలో అల్యూమినియం ఉంది. చాకలి సోడా, డిష్‌వాషర్ బిళ్ళ అల్యూమినియాన్ని తింటాయి, నల్లబరుస్తాయి. అలాంటి అడుగును వాటిలో నానబెట్టొద్దు. వంట సోడా ముద్ద ఒక గంట ఉంచి తోమి కడిగేస్తే చాలు. ఉట్టి స్టీల్ రేకు అయితే పెద్ద బేసిన్‌లో వేడి సోడా నీళ్లు పోసి గిన్నెను కూర్చోబెట్టొచ్చు.

ఇప్పుడు మీరు చేయకూడనివి చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్న కింద ఎవరో ఒకరు వీటిని సలహా ఇస్తారు. మొదటిది బాత్రూమ్ యాసిడ్. మెస్‌లో పనిచేసిన ఒక అబ్బాయి మాడిన పెద్ద దబరను యాసిడ్‌తో కడిగాడు. పది నిమిషాల్లో తళతళలాడింది, అందరం మెచ్చుకున్నాం. మూడు నెలలకు అడుగున సూదిమొన అంత గుంటలు, వాటిలో ఎర్రటి తుప్పు. ఆ తర్వాత పప్పు పెట్టినా సాంబారు పెట్టినా సరిగ్గా ఆ గుంటల దగ్గరే అడుగంటేది. ఆ యాసిడ్‌లో ఉన్న క్లోరైడు స్టీల్ పైపొరను చీల్చి లోపలికి తొలుస్తుంది, ఆ గుంటలకు మందు లేదు. బ్లీచింగ్ ద్రవం కూడా అదే పని చేస్తుంది. యాసిడూ బ్లీచూ కలిస్తే విషవాయువు వస్తుంది, అది గిన్నెతో పోయే ప్రమాదం కాదు. ఉప్పు కూడా క్లోరైడే. రాళ్లుప్పుతో రుద్ది అలాగే నానబెట్టమనే చిట్కా వినకండి. రెండోది, మాడును ఉట్టి మంట మీద ఇంకా కాల్చి రాల్చడం. రాలుతుంది, నిజమే, గిన్నె అడుగు కూడా వంగుతుంది.

వంగడం అంటే గుర్తొచ్చింది. వేడి గిన్నెలో చన్నీళ్లు పోశారా? పోసి ఉంటే అడుగు సొట్టపోయి ఉండొచ్చు. సమంగా ఉన్న స్టవ్ మీద పెట్టి ఒక చెంచా నూనె వేయండి. నూనె మధ్యలో ఆగకుండా అంచుల్లోకి పోతే అడుగు పైకి ఉబ్బింది. కొద్దిగా అయితే పులుసులకూ చారుకూ వాడుకోవచ్చు, పాలకు మాత్రం పనికిరాదు, మధ్యలో ఎప్పుడూ పల్చగా నిలిచి మాడుతుంది. అతికించిన పళ్లెం ఊడి సందులోంచి నీళ్లు కారుతుంటే మాత్రం పక్కన పెట్టేయండి, అది బాగుచేసేది కాదు.

ఇంకోసారి మాడకుండా అన్నారు. ఫోన్ సంగతి మీరే చూసుకుంటారు, నేను గిన్నె సంగతి చెప్తాను. మీ ఫోటోలో నలుపు మధ్యలో మందంగా ఉన్నా, దానిలోనే ఒక గుండ్రటి వలయం ఇంకా ముదురుగా కనిపిస్తోంది. దాన్ని మీ బర్నర్ మీద పెట్టి కొలవండి, మంట కన్నాల వలయానికి సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వేడిని పక్కలకు పంచదు. అల్యూమినియం పంచేదానిలో పదో వంతు కూడా పంచలేదు. మంట ఎక్కడ తగిలితే అక్కడే కాగుతుంది, రెండు అంగుళాల అవతల గోరువెచ్చగా ఉంటుంది. పల్చటి స్టీల్ గిన్నె అయితే మరీను. పాలలోని మాంసకృత్తులు 70 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెట్టి ఆ వలయం మీద పేరుకుంటాయి. ఆ పొర ఏర్పడ్డాక వేడి పాలలోకి ఎక్కదు, పొర కిందే చేరి కాలుస్తుంది. పైన పాలు ప్రశాంతంగా ఉంటాయి, కింద మాడుతుంటుంది.

కాబట్టి చేయాల్సింది ఆ వలయాన్ని చెదరగొట్టడం. చౌకైన దారి పాత దోసె పెనం. పెనం మీద గిన్నె పెట్టండి, మంట పెనానికి తగులుతుంది, పెనం వేడిని పరిచి ఇస్తుంది. పాయసం కాగడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, గ్యాస్ కొంచెం ఎక్కువవుతుంది, కానీ పాలు మాడడం నా వంటింట్లో దీనితోనే ఆగింది. పెనం మీద పెట్టినా కలపడం మానకండి, ఇగిరిపోతే అక్కడా మాడుతుంది. పెద్ద బర్నర్ మీద పెద్ద మంట అయితే పాలు ఒక పొంగు వచ్చేదాకానే, ఆ తర్వాత చిన్న బర్నర్‌కు మార్చి సిమ్. ఉట్టి పాలు కాచుకోవడానికైతే రెండు గోడల మధ్య నీళ్లు పోసే ఈల గిన్నె ఉండనే ఉంది.

పాలు పోసేముందు గిన్నెను నీళ్లతో తడిపి, రెండు మూడు చెంచాల నీళ్లు అడుగున ఉంచి పోసే అలవాటు మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. అది మూఢనమ్మకం కాదు, పాలు వేడెక్కే మొదటి నిమిషాల్లో పొర పట్టడం తగ్గుతుంది. పాయసానికి మాత్రం అదొక్కటే చాలదు. సేమ్యా అడుగుకు దిగుతుంది, చక్కెర పడ్డాక చిక్కబడుతుంది. సేమ్యా పూర్తిగా ఉడికాకే చక్కెర వేయండి, వేసిన తర్వాత ఐదు నిమిషాలకు మించి మంట మీద ఉంచకండి. బెల్లం అయితే దించి కాస్త చల్లారాక కలపాలి, లేకపోతే పాలు విరుగుతాయి కూడా.

గరిటె సంగతి చాలామంది పట్టించుకోరు. గుండ్రటి గరిటె ఎంత తిప్పినా అడుగును ఒక గీతలా మాత్రమే తాకుతుంది. చదును అంచున్న చెక్క అట్లకాడతో అడుగును ఊడ్చినట్టు, ముఖ్యంగా ఆ వలయం మీదుగా, తోస్తూ ఉండాలి. దానితో ఇంకో లాభం ఉంది. మాడు వాసన ముక్కుకు చేరేసరికి ఆలస్యమైపోతుంది. అంతకంటే ముందే అట్లకాడకు అడుగు గరగరగా తగులుతుంది, నున్నటి నేల మీద ఇసుక పడ్డట్టు. ఆ గరగర తెలిసిన క్షణంలో కలపడం ఆపి, మంట ఆర్పి, పాయసాన్ని గోకకుండా, గిన్నె వంచి పైపైన వేరే గిన్నెలోకి పోసేయండి. అడుగున ఒక గరిటెడు వదిలేయండి, దాని కోసం ఆశపడి గీకితే మాడు వాసన మొత్తానికి ఎక్కుతుంది. ఖాళీ అయిన గిన్నెలో అప్పుడే వేన్నీళ్లు పోసి ఒక చెంచా సోడా వేసి పక్కన పెడితే, భోజనాలయ్యేసరికి చేత్తో తోస్తే ఊడొస్తుంది.